మెస్‌లో ముందు తూచాల్సింది కంచాలు కాదు, గుండిగ

ప్రశ్న: మాది వైజాగ్, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఫుడ్ వేస్ట్ తగ్గించడం మీద ప్రాజెక్ట్ చేయాలి. హోటల్, హాస్టల్ మెస్, ఇల్లు, ఎక్కడైనా సరే అన్నారు. చేతిలో రెండు వేలు కూడా లేవు, టైమ్ నెల రోజులే. యాప్ చేద్దామని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజంగా పరీక్షించి చూపించగలిగే ఐడియా ఏదైనా చెప్తారా?

సమాధానం:

హాస్టల్ మెస్ తీసుకోండి. అందులోనూ రాత్రి భోజనం, అందులోనూ ఒక్క అన్నం. ప్రాజెక్ట్ ఇది: అన్నం మొత్తం ఒకేసారి వార్చకుండా రెండు వాయిలుగా వండించడం, రెండో వాయి ఎంత పెట్టాలో అప్పటిదాకా తిన్నవాళ్ల తలలు లెక్కపెట్టి తేల్చడం. కావాల్సినవి కొక్కేనికి వేలాడదీసే డిజిటల్ కాటా ఒకటి (50 కిలోల వరకు తూగేది ఐదారు వందల్లో వస్తుంది), రెండు బకెట్లు, ఒక నోట్‌బుక్. యాప్ సంగతి చివర్లో చెప్తాను.

నేను మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వైపు హాస్టళ్లకి మెస్ నడిపాను, మొత్తం పద్నాలుగేళ్లు. అందులో మొదటి ఆరేళ్లు నేనూ అందరిలాగే "పిల్లలు పారేస్తున్నారండీ" అని గోడ మీద బోర్డులు రాయించినవాణ్ణే. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని రాయించి దాని కిందే చెత్త డ్రమ్ము పెట్టాం, అది వేరే కథ.

హోటల్ ఎందుకు వద్దన్నానంటే, ఓనర్ మీకు లెక్క ఇవ్వడు. ఎంత వండాడు, ఎంత మిగిలింది, మిగిలింది ఏం చేశాడు అనేవి బయటివాళ్లకి చెప్పే విషయాలు కావు. ఇంట్లో అయితే లెక్క దొరుకుతుంది గానీ నలుగురి ఇంట్లో ఒక చుట్టం వస్తే వారం లెక్కంతా తారుమారు. మెస్‌లో రోజూ దాదాపు అదే జనం, అదే మెనూ వారం వారం తిరిగి వస్తుంది, సోమవారాన్ని సోమవారంతో పోల్చుకోవచ్చు. అంతకంటే మంచి ప్రయోగశాల మీకు ఉచితంగా దొరకదు.

ఇప్పుడు అసలు విషయం. మెస్‌లో పోయే అన్నం రెండు చోట్ల పోతుంది. కంచంలో వదిలేసింది ఒకటి, ఎవరి కంచంలోకీ రాకుండా గుండిగలోనే మిగిలిపోయింది రెండోది. అందరి కళ్లూ కంచం మీదే ఉంటాయి, ఎందుకంటే అది పదిమంది ముందు డ్రమ్ములో పడుతుంది. గుండిగలో మిగిలింది రాత్రి పదింటికి, అందరూ వెళ్లిపోయాక, వంటింటి వెనక పారబోస్తారు. అది ఎవరూ చూడరు. ఈ రెంటినీ వేరువేరుగా తూచనంతవరకు మీరు చేసే ప్రాజెక్ట్ ఏదైనా గుడ్డి లెక్కే.

మా దగ్గర ఒక హాస్టల్‌లో తూచిన లెక్క చెప్తాను. రిజిస్టర్‌లో 120 మంది. మనిషికి 125 గ్రాముల బియ్యం చొప్పున రాత్రికి 15 కిలోలు వండేవాళ్లం, అన్నమయ్యాక అది సుమారు 40 కిలోలు (మా బియ్యం కిలోకి 2.7 కిలోల అన్నం అయ్యేది, మీ బియ్యానికి మీరు ఒకసారి తూచుకోండి, పాతబియ్యం అయితే ఇంకా ఒదుగుతుంది). తినడానికి వచ్చేది మాత్రం సగటున 97 మంది. మిగతావాళ్లు బీచ్‌కి వెళ్లి అక్కడే ఏదో ఒకటి తినేసేవాళ్లు, ఊరెళ్లినవాళ్లు, రూమ్‌లో నూడుల్స్ చేసుకునేవాళ్లు. రెండు వారాలు తూస్తే రాత్రికి సగటున గుండిగలో మిగిలింది ఏడున్నర కిలోలు, కంచాల్లో వదిలేసింది కూరా పప్పూ అన్నీ కలిపి 4 కిలోల పైచిలుకు. అంటే పోయేదాంట్లో దాదాపు మూడింట రెండొంతులకి పిల్లల తప్పేం లేదు. ఆరేళ్లు బోర్డులు రాయించింది మిగతా ఒక వంతు కోసం!

మరి 97 మందికే వండొచ్చు కదా అంటారు. ఆ మాటే మా వంట మాస్టార్ని అడిగితే ఆయన అన్నది నాకు ఇప్పటికీ గుర్తే. "బాబూ, మిగిలితే అన్నం పారబోస్తారు, తక్కువైతే నన్ను పారబోస్తారు." ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. సగటు 97 అంటే ఒకరోజు 84, ఒకరోజు 111. ఏ రోజు ఎంతో సాయంత్రం ఐదింటికి బియ్యం కడిగేటప్పుడు ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు ఎక్కువ వండడమే ఆయనకి క్షేమం. కాబట్టి ఆయన్ని "తక్కువ వండు" అని ఒప్పించడం ప్రాజెక్ట్ కాదు, ఎంత వండాలో తెలిసే టైమ్‌ వరకు ఆ నిర్ణయాన్ని వాయిదా వేయించడం ప్రాజెక్ట్.

దానికి మీకు కావాల్సిన అంకె ఒక్కటే. మా మెస్ టైమ్ ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. తూచిన రెండు వారాల్లోనే ఒక కుర్రాణ్ణి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి పది నిమిషాలకోసారి అప్పటిదాకా ఎంతమంది వచ్చారో, మూసేసరికి మొత్తం ఎంతమందో రాయించాను. 8:10కి 35 మంది వస్తే చివరికి 96 దాకా తేలేవాళ్లు. 32 వస్తే 88 దగ్గర, 40 వస్తే 110 దగ్గర. అంటే ఆ టైమ్‌కి వచ్చినవాళ్లని 2.75తో గుణిస్తే ఆ రాత్రి మొత్తం దాదాపు వచ్చేస్తోంది. మామూలు రోజుల్లో ఈ గుణకం 2.6కీ 2.9కీ మధ్యే ఆడింది. మీ హాస్టల్‌కి ఈ అంకె వేరే ఉంటుంది, నాది తీసుకెళ్లి వాడొద్దు. మీ అంకె మీరు పట్టుకోవడమే మొదటి రెండు వారాల పని.

ఇక వండే పద్ధతి. మొదటి వాయి 9 కిలోల బియ్యం, అంటే 24 కిలోల అన్నం. మా వాళ్లు మనిషికి సగటున 335 గ్రాముల అన్నం వేసుకునేవాళ్లు, కాబట్టి ఇది 72 మందికి సరిపోతుంది. రెండో వాయికి బియ్యం కడిగి నానబెట్టి ఉంచాలి, పక్క పొయ్యి మీద ఎసరు సిమ్‌లో మరుగుతూ ఉండాలి. 8:10కి తలల లెక్క రాగానే గుణించి, అందులోంచి 72 తీసేసి, మిగిలిన మందికి 125 గ్రాముల చొప్పున బియ్యం ఎసట్లో పోయాలి. 35 మంది వచ్చిన రోజు అంటే మొత్తం 96, బాకీ 24 మంది, 3 కిలోలు. అంతే.

ఇది రాసినంత సాఫీగా జరగలేదు. మొదటి రాత్రే బోల్తా కొట్టాం. నేను అప్పటికి 8:10 అని టైమ్ ఖాయం చేసుకోలేదు, వడ్డించే చోట అన్నం అయిపోవస్తుంటే అప్పుడు పెడదాం అనుకున్నాను. గుండిగలోంచి వడ్డించే బేసిన్‌లోకి మార్చినప్పుడు బేసిన్‌కి 6 కిలోలు పడుతుంది, మొదటి వాయి మొత్తం నాలుగు బేసిన్లు. నాలుగో బేసిన్ మొదలుపెట్టాక రెండో వాయి పోయమన్నాను. అన్నం ఉడికి, గంజి వార్చి, బయటికి రావడానికి 25 నిమిషాలు. 8 నుంచి 8:30 వరకు రద్దీ, నిమిషానికి అర కిలో అన్నం వెళ్తుంది. 6 కిలోలు 12 నిమిషాల్లో ఐపోయింది. ఆ తర్వాత 13 నిమిషాలు క్యూలో కంచాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు, కంచం మీద గరిటెతో కొట్టే చప్పుడు, లోపల మాస్టారు నా వైపు చూసిన చూపు... ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఈ లెక్క కాగితం మీద వేస్తే తప్పు ఎక్కడుందో కనిపించింది. 25 నిమిషాలకి 12 కిలోలు పైన చేతిలో ఉండాలి, అంటే రెండో బేసిన్ ఖాళీ అవగానే పెట్టాలి, నాలుగోది మొదలయ్యాక కాదు. మా దగ్గర రెండో బేసిన్ ఖాళీ అయ్యే టైమ్ మామూలుగా 8:10, అందుకే తలల లెక్క కూడా ఆ టైమ్‌కే పెట్టుకున్నాం. మీరు కూడా ముందు మూడు అంకెలు పట్టుకోండి: అన్నం పొయ్యి మీంచి దిగడానికి పట్టే నిమిషాలు, రద్దీలో నిమిషానికి వెళ్లే అన్నం, వడ్డించే గిన్నెలో పట్టే అన్నం. మొదటి రెంటినీ గుణిస్తే ఎంత మిగిలుండగా రెండో వాయి పెట్టాలో వస్తుంది, దాన్ని మూడోదాంతో భాగిస్తే అది ఎన్ని గిన్నెలో తెలుస్తుంది. గుండిగ లోపల సగం దగ్గర గీత పెట్టుకుంటాం అనకండి, గుండిగ అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎత్తులో సగం అంటే బరువులో సగం కాదు. బేసిన్లు లెక్కపెట్టుకోవడమే తేలిక, హెల్పర్ కూడా పొరపాటు పడడు.

రెండు వారాలు, ఆదివారాలు వదిలేసి 12 రాత్రులు ఇలా నడిపాం. గుండిగలో మిగిలేది ఏడున్నర నుంచి సగటున 2 కిలోలకి దిగింది. కంచాల్లో వదిలేది మాత్రం అంతే ఉంది, 4 కిలోలు, దాన్ని మేము ముట్టుకోలేదు కాబట్టి మారకపోవడమే మంచి గుర్తు. అది కూడా తగ్గి ఉంటే మా తూకం మీద నాకే అనుమానం వచ్చేది. తగ్గిన ఐదున్నర కిలోల అన్నం అంటే రాత్రికి 2 కిలోల బియ్యం. కిలో 50 రూపాయలు వేసుకున్నా రోజుకి 100. సిమ్‌లో ఎసరు ఉంచినందుకు గ్యాస్ ఎంత ఎక్కువ కాలిందో చూడ్డానికి సిలిండర్‌ని ముందూ వెనకా తూచాం, తేడా 150 గ్రాముల దగ్గర తేలింది, ఇరవై రూపాయల లోపే. ఈ గ్యాస్ లెక్క తప్పకుండా చేయండి, వైవాలో మొదట అడిగేది అదే.

ఇంకోటి, దీన్ని దాచకూడదు. ఆ 12 రాత్రుల్లో రెండు రాత్రులు అన్నం తక్కువ పడింది. ఒకరోజు క్రికెట్ మ్యాచ్, అందరూ ఇన్నింగ్స్ అయ్యాక ఒక్కసారి పడ్డారు. 8:10కి 21 మందే ఉంటే మా గుణకం 58 అంది, చివరికి వచ్చింది 101. మాస్టారు ముందే "ఇవాళ మ్యాచ్ ఉంది, ఈ లెక్క నమ్మకండి" అంటే నేనూ సగం విని రెండో వాయి 2 కిలోలు పోయించాను, అయినా చాలలేదు. ఇంకోరోజు సాయంత్రం నుంచి కుండపోత వాన, బయటికి వెళ్లాల్సినవాళ్లంతా హాస్టల్‌లోనే ఉండిపోయారు. ఆ రెండు రోజులూ ఉప్మాతో గట్టెక్కాం. అందుకని మీ నోట్‌బుక్‌లో వేస్ట్ ఒక్కటే కాదు, ఎంతమందికి అన్నం అందలేదు, ఎన్ని నిమిషాలు ఆగారు అనేవి కూడా రోజూ రాయండి. వేస్ట్ తగ్గించడం ఏముంది, సగం వండితే సున్నాకి వస్తుంది. మ్యాచ్ రోజులు, వాన, పరీక్షల ముందురోజు, శనివారం, వీటికి గుణకం పనిచేయదని రిపోర్ట్‌లో ఒప్పుకుంటేనే అది ప్రాజెక్ట్ అవుతుంది.

తూచేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు మూడు చెప్తాను, ఎందుకంటే సగం ప్రాజెక్టులు ఇక్కడే చెడిపోతాయి. కంచాలు దులిపే డ్రమ్ముని అలాగే తూచేస్తే అందులో సాంబారు నీళ్లు, చెయ్యి కడిగిన నీళ్లు, మునక్కాడ పిప్పి, కరివేపాకు, ఆదివారం అయితే కోడి ఎముకలు, అన్నీ కలిసి వస్తాయి. మునక్కాడల సాంబారు చేసిన రోజు మా "వేస్ట్" ఒక్కసారిగా కిలోన్నర పెరిగింది, పిల్లలు ఏదో పారేస్తున్నారని హడావుడి పడ్డాం, తీరా చూస్తే నమిలి వదిలిన పిప్పే. తినలేనివాటికి వేరే టబ్బు పెట్టండి, డ్రమ్ముకి జల్లెడ బుట్ట పెట్టి నీళ్లు కారాక తూచండి.

మొదటి రెండు వారాలు తూస్తున్నట్టు పిల్లలకి చెప్పకండి, మెస్ కమిటీకీ వార్డెన్‌కీ చెప్తే చాలు. బకెట్ పక్కన కాటా పట్టుకుని ఎవరైనా నిలబడితే ఆ రోజు నుంచే కంచాలు శుభ్రంగా వస్తాయి, మూడోరోజుకి మళ్లీ మామూలే. ఆ మూడురోజుల లెక్క మిమ్మల్ని మోసం చేస్తుంది. వేడి గుండిగని కాటాకి వేలాడదీయాలని చూడకండి, కాళ్లు కాల్చుకుంటారు. మిగిలిన అన్నం బకెట్‌లోకి తోడి, బకెట్ బరువు తీసేసి రాసుకోండి. ఇంకో చిట్కా, మీ హాస్టల్‌కి గేదెల కోసం కుడితి పట్టుకెళ్లే మనిషి ఎవరైనా వస్తుంటే ఆయనతో ఒకసారి మాట్లాడండి. ఏ వారం ఎన్ని డబ్బాలు నిండాయో, ఏ నెలలో తగ్గుతుందో ఆయనకి ఉన్నంత అవగాహన వార్డెన్‌కి ఉండదు. మీరు తూచకముందు పరిస్థితి ఏమిటో చెప్పగలిగే సాక్షి ఆయనొక్కడే. (ఆయన దగ్గర ఒకటి నేర్చుకున్నాను. ఒక్కసారే ఎక్కువ అన్నం పెడితే గేదెకి కడుపు పులిసిపోయి పడిపోతుందట. పశువుల డాక్టర్ని అడిగితే నిజమే అన్నారు. అంటే "ఎలాగూ గేదెలు తింటాయిగా" అనే మాట కూడా అంత క్షేమం కాదు.)

నెలలో చివరి మూడు నాలుగు రోజులు మళ్లీ పాత పద్ధతిలో ఒకే వాయి వండించండి. మాస్టారు సంతోషంగా ఒప్పుకుంటారు. మిగిలేది మళ్లీ ఏడు కిలోల వైపు వెళ్తే తగ్గింది మీ పద్ధతి వల్లే అని తేలుతుంది, వెళ్లకపోతే ఆ నెలలో ఇంకేదో మారిందన్నమాట.

కంచంలో మిగిలే దాని మీద కూడా ఏదైనా చేయాలనిపిస్తే ఒక్క చిన్న ప్రయోగం ఉంది, దానికి ఒకే రాత్రి చాలు. మా దగ్గర కంచాల్లో మిగిలే అన్నం ఎక్కువగా పెరుగన్నం దగ్గరే మిగిలేది. పప్పుకీ కూరకీ లెక్కగా వేసుకుంటారు, చివర్లో పెరుగు కోసం మళ్లీ వచ్చినప్పుడు వడ్డించేవాడు అదే పెద్ద హస్తంతో వేసేస్తాడు, దాంట్లో 180 గ్రాములు పడుతుంది, ఆ టైమ్‌కి కడుపులో చోటు సగం హస్తానికే ఉంటుంది. రెండు వరసలు ఉంటే ఒక వరసలో మలివిడత అన్నానికి 100 గ్రాములు పట్టే చిన్న గరిటె పెట్టండి, ఇంకో వరసలో పాతదే ఉంచండి, రెండు వరసల కంచాలూ వేరే బకెట్లలో దులిపించండి. అదే రాత్రి, అదే మెనూ కాబట్టి పోలిక శుభ్రంగా ఉంటుంది. కావాలన్నవాళ్లకి రెండోసారి వేయాలి, "ఒక్క గరిటే" అన్నారంటే గొడవే.

మిగిలిన అన్నాన్ని పొద్దున పులిహోర చేయించడం ప్రాజెక్ట్‌గా పెట్టకండి. చాలామంది అదే రాస్తారు. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. మన వైజాగ్ ఉక్కలో గుండిగలో రాత్రంతా వదిలేస్తే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ పోపు పెట్టి వేడిచేసినా ఆ విషం పోదు. సన్నగా పరిచి, త్వరగా ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టగలిగితే వేరే మాట, కానీ ఏ హాస్టల్‌కి అంత ఫ్రిజ్ ఉంది? మా అమ్మమ్మ తరవాణి కుండ గుర్తుచేస్తారేమో, అది గంజిని రోజూ పులియబెట్టే పద్ధతి, ఆ పులుపే దానికి కాపలా. మూతపెట్టిన గుండిగలో ముద్దకట్టిన అన్నం అది కాదు.

యాప్ గురించి. "ఇవాళ తింటారా" అని వాట్సాప్‌లో పోల్ పెట్టి మేమూ చూశాం. వస్తానని నొక్కి రానివాళ్లు ఒకపక్క, అసలు నొక్కకుండా వచ్చి కంచం పట్టుకునేవాళ్లు ఇంకోపక్క, వారం తిరిగేసరికి నొక్కేవాళ్లు సగానికి పడిపోయారు. గుమ్మం దగ్గర తల లెక్కపెట్టడానికి ఎవరి సహకారమూ అక్కర్లేదు, అందుకే అది నిలబడింది. యాప్ తప్పదని గైడ్ అంటే ఆ 8:10 అంకె కొడితే ఎన్ని కిలోలు పోయాలో చెప్పే చిన్న స్క్రీన్ చేయండి చాలు, మాస్టారికి కావాల్సింది ఆ ఒక్క అంకే.

మొదలుపెట్టే ముందు మాస్టారితో ఒక మాట అనుకోండి. అన్నం తక్కువ పడిన రోజు తిట్లు ఆయనకి కాదు, మీకు అని వార్డెన్ ముందు చెప్పండి. గుర్తుంచుకుని ఐదు కిలోల ఉప్మా రవ్వ పక్కన పెట్టించండి. రెండు వారాల అంకెలు వచ్చాక ఇక్కడే పెట్టండి, మీ గుణకం ఎంత తేలిందో, ఏ రోజులు దారితప్పాయో కలిసి చూద్దాం.